2 శాతం లిగ్నోకెయిన్ అంటే మి.లీ.కి ఎన్ని మిల్లీగ్రాములు?

వార్డు_విద్యార్థి
నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మోతాదుల లెక్కల అభ్యాసంలో మాకు ఇచ్చిన ప్రశ్న ఇది. 14 కిలోల బరువున్న పిల్లవాడికి మోచేతి దగ్గర చర్మం చీరుకుపోయింది, కుట్లు వేయాలి. చేతిలో ఉన్నది అడ్రినలిన్ కలపని 2 శాతం లిగ్నోకెయిన్, 30 మి.లీ. వయల్. కిలోకు 4.5 మి.గ్రా. మించకూడదని ప్రశ్నలోనే చెప్పారు. అయితే గరిష్ఠంగా ఎన్ని మి.లీ. వాడవచ్చు?

మా జట్టులో ముగ్గురికి 3.15 మి.లీ. వచ్చింది, ఇద్దరికి 31.5 మి.లీ. వచ్చింది. 14ను 4.5తో గుణిస్తే 63 మి.గ్రా. అన్నంత వరకు అందరి లెక్కా ఒకటే. శాతాన్ని మిల్లీగ్రాముల్లోకి మార్చే చోట విడిపోయాం. 2 శాతం అంటే మి.లీ.కి 2 మి.గ్రా. అని ఇద్దరు, 20 మి.గ్రా. అని ముగ్గురు అంటున్నారు. ఎక్కువ మంది చెప్పారు కాబట్టి 20 సరైనదని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. కారణం తెలిసినవారు చెప్పండి.

సున్నా_చేర్చు
ఇందులో ఆలోచించేదేమీ లేదు. శాతం పక్కన ఒక సున్నా చేర్చండి, మి.లీ.కి మిల్లీగ్రాములు వచ్చేస్తాయి. 2 శాతం అంటే 20, 5 శాతం అంటే 50, 50 శాతం అంటే 500. నా పేరు చూసి నవ్వేవారు నవ్వుకోవచ్చు, కానీ ఈ సూత్రం ఎక్కడా తప్పదు.

వార్డు_విద్యార్థి
సూత్రం మా వాళ్లకూ తెలుసు. ఆ సున్నా ఎందుకు చేర్చాలన్నదే నా ప్రశ్న. పైగా 0.25 శాతం పక్కన సున్నా చేర్చితే 0.250 అవుతుంది, అది మళ్లీ 0.25 కదా.

లెక్కల_పిచ్చి
బాగా పట్టుకున్నారు. సున్నా చేర్చడం కాదు, 10తో గుణించడం అనాలి. అప్పుడు 0.25 శాతం 2.5 మి.గ్రా. అవుతుంది.

మత్తుమందు_గది
ఇంజెక్షన్ ద్రావణం మీద రాసే శాతానికి అర్థం 100 మి.లీ. ద్రావణంలో ఎన్ని గ్రాముల మందు ఉందని. 2 శాతం అంటే 100 మి.లీ.లో 2 గ్రాములు. ఆ 2 గ్రాములను మిల్లీగ్రాములుగా రాస్తే 2000, దాన్ని 100 మి.లీ.కి పంచితే ఒక్కో మి.లీ.కి 20 వస్తాయి. అంటే గ్రామును మిల్లీగ్రాము చేయడానికి 1000తో గుణించాం, 100 మి.లీ.ని 1 మి.లీ. చేయడానికి 100తో భాగించాం. ఆ రెండు పనులూ కలిసి 10తో గుణకారమై మిగిలాయి. పది అన్న అంకె వచ్చింది అక్కడి నుంచే.

2 మి.గ్రా. వచ్చిన మీ మిత్రులిద్దరూ ఎక్కడ జారారో ఊహించగలను. గ్రామును మిల్లీగ్రాము చేసేటప్పుడు వచ్చిన 1000నే కిందా పెట్టి ఉంటారు, అంటే 2 గ్రాములు ఒక లీటరులో ఉన్నాయని అనుకుని ఉంటారు. శాతంలో ఉన్న నూరు 100 మి.లీ., లీటరు కాదు. పరీక్షల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. దాని ఫలితం ఎప్పుడూ సరిగ్గా పది రెట్లు ఉంటుంది.

ఇక జవాబు సరైనదో కాదో సూత్రం తెలియకుండానే పట్టుకునే దారి ఈ ప్రశ్నలోనే ఉంది. వయల్‌లో ఉన్నదే 30 మి.లీ. మీ జవాబు 31.5 అయితే ఒక వయల్ మొత్తం ఖాళీ చేసి, రెండోది తెరిచి, అదంతా 14 కిలోల పిల్లవాడి మోచేతి దగ్గర ఎక్కించాలి. చిన్న గాయానికి అంత ద్రవం పట్టనే పట్టదు. పెన్ను కింద పెట్టి లెక్క మళ్లీ చేయాల్సిన క్షణం అదే. ఆ వయల్‌లో 30 × 20, అంటే 600 మి.గ్రా. ఉంది, పిల్లవాడి పరిమితి 63.

గొర్రెల_డాక్టరు
మా పశువైద్యంలో ఈ పది రెట్ల తేడా రోజూ కనిపిస్తుంది. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ 1 శాతం వస్తుంది, గొర్రెకు మోతాదు కిలోకు 200 మైక్రోగ్రాములు. 40 కిలోల గొర్రెకు 8000 మైక్రోగ్రాములు, అంటే 8 మి.గ్రా. కావాలి. 1 శాతంలో మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 0.8 మి.లీ. సరిపోతుంది. మాకు అదనంగా ఉన్న తలనొప్పి ఏమిటంటే మోతాదు మైక్రోగ్రాముల్లో, బలం శాతంలో, సిరంజి మి.లీ.లో ఉంటాయి. మైక్రోగ్రామును మిల్లీగ్రాము చేయడం ఒకసారి, శాతాన్ని మిల్లీగ్రాము చేయడం ఒకసారి, రెండు చోట్ల జారే అవకాశం ఉంది. ఒక్కోసారి రెండు తప్పులూ ఎదురెదురుగా పడి జవాబు సరిగ్గానే వస్తుంది, అది మరీ ప్రమాదకరం, ఎందుకంటే తప్పు పద్ధతి మీద నమ్మకం పెరుగుతుంది.

రాత్రి_డ్యూటీ
2 శాతాన్ని 1 శాతం చేయడానికి ఎంత సెలైన్ కలపాలని అడుగుతున్నారా? మా దగ్గర పిల్లలకు 1 శాతమే వాడతాం. సమానంగా సెలైన్ కలిపితే చాలు.

వార్డు_విద్యార్థి
నా ప్రశ్న అది కాదు మేడమ్, శాతాన్ని మిల్లీగ్రాములుగా మార్చడం గురించి. అయితే మీరు చెప్పింది విన్నాక ఒక సందేహం వచ్చింది. సెలైన్ కలిపితే 63 మి.గ్రా. పరిమితి మారుతుందా?

మత్తుమందు_గది
రాత్రి_డ్యూటీ గారు ప్రశ్న వేరుగా చదివారు కానీ మంచి చోటికే తీసుకొచ్చారు. పరిమితి మిల్లీగ్రాముల్లో ఉంది, కాబట్టి పలుచన చేసినంత మాత్రాన మారదు. ఈ పిల్లవాడి లెక్కే తీసుకుందాం. 2 శాతం మందు 3 మి.లీ. తీస్తే 60 మి.గ్రా. అందులో 3 మి.లీ. సెలైన్ కలిపితే 6 మి.లీ. అవుతుంది, బలం 1 శాతానికి తగ్గి మి.లీ.కి 10 మి.గ్రా. అవుతుంది, మొత్తం మాత్రం అదే 60 మి.గ్రా. చేతికి వచ్చిన లాభం పరిమాణం. పొడవైన గాయం అంచుల చుట్టూ 3 మి.లీ. సరిపోకపోవచ్చు, 6 మి.లీ. సులువుగా సర్దుకుంటుంది. కుట్ల కోసం చర్మం మొద్దుబారడానికి 1 శాతం చాలు కాబట్టి చిన్న పిల్లల్లో నేను ఎక్కువగా దాన్నే వాడతాను.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. పలుచన చేశాక ఆ సిరంజి మీద చీటీ అంటించకపోతే, పక్కనున్నవారు వయల్ మీద 2 శాతం అని చూసి సిరంజిలో ఉన్నదీ 2 శాతమే అనుకుంటారు. పలుచన చేసిన ప్రతి సిరంజి మీద మందు పేరుతో పాటు మి.లీ.కి ఎన్ని మి.గ్రా. ఉందో రాయండి, శాతం ఒక్కటే రాసి వదిలేయకండి.

సున్నా_చేర్చు
సరే, 10తో గుణించడం అందాం. కానీ నేను చెప్పింది తప్పలేదు కదా. ఇంజెక్షన్ అయినా, ఆయింట్‌మెంట్ అయినా, స్పిరిట్ అయినా పదితో గుణిస్తే పని అయిపోతుంది.

ఫార్మసీ_కిటికీ
అక్కడే తప్పింది. మీ సూత్రం పనిచేసేది శాతం అన్నది 100 మి.లీ.కి గ్రాములు అయినప్పుడు మాత్రమే. ఆయింట్‌మెంట్‌లో శాతం 100 గ్రాముల ఆయింట్‌మెంట్‌కు ఎన్ని గ్రాముల మందు అన్నది. 5 శాతం లిగ్నోకెయిన్ ఆయింట్‌మెంట్‌లో గ్రాముకు 50 మి.గ్రా. ఉంటుంది. మీరు పదితో గుణించడం అక్కడా సరిపోయింది, కానీ వచ్చిన సంఖ్య గ్రాముకు, మి.లీ.కి కాదు. దాన్ని సిరంజితో కొలిచి మి.లీ. లెక్క వేస్తే, ఆ ఆయింట్‌మెంట్ ఒక మి.లీ. ఎంత తూగుతుందో తెలియకుండా ఆ జవాబుకు అర్థం లేదు.

స్పిరిట్ సంగతి ఇంకా వేరు. 70 శాతం ఆల్కహాల్ అన్నప్పుడు సాధారణంగా 100 మి.లీ.లో 70 మి.లీ. ఆల్కహాల్ అని అర్థం. ఆల్కహాల్ నీటికన్నా తేలిక, మి.లీ.కి సుమారు 0.79 గ్రాము తూగుతుంది. 0.7 మి.లీ.ని 0.79తో గుణిస్తే మి.లీ.కి దాదాపు 550 మి.గ్రా. వస్తుంది, మీ సూత్రం 700 చెబుతుంది.

సున్నా_చేర్చు
స్పిరిట్‌ను ఎవరికీ మిల్లీగ్రాముల లెక్కన ఎక్కించం కదా. వాడని చోట సూత్రం తప్పితే నాకేం నష్టం?

ఫార్మసీ_కిటికీ
పిల్లల సిరప్పుల్లో ఆల్కహాల్ ఎంత ఉందో లెక్కించాల్సిన రోజు వస్తుంది. అప్పుడు గుర్తు చేస్తాను.

లెక్కల_పిచ్చి
శాతం కాకుండా నిష్పత్తి రాసినవీ ఉంటాయి. లిగ్నోకెయిన్‌లో అడ్రినలిన్ కలిపిన వయల్ మీద 1:200000 అని ఉంటుంది. దానికి నా పద్ధతి ఒక్కటే. 2,00,000 మి.లీ.లో 1 గ్రాము అని చదవడం, గ్రామును 10,00,000 మైక్రోగ్రాములుగా రాయడం, భాగించడం. మి.లీ.కి 5 మైక్రోగ్రాములు వస్తుంది. ముందు శాతంలోకి మార్చి తర్వాత మిల్లీగ్రాముల్లోకి వెళ్తే 0.0005 అంటూ సున్నాల వరుస వస్తుంది, అందులో ఒక సున్నా జారినా కంటికి కనిపించదు.

మత్తుమందు_గది
సరిగ్గా చెప్పారు. అడ్రినలిన్ విడిగా వచ్చే ఆంపూల్‌లో 1:1000 అంటే మి.లీ.కి 1 మి.గ్రా., 1:10000 అంటే 0.1 మి.గ్రా. రెండూ ఒకే ట్రేలో పక్కపక్కన ఉంటే ఎన్ని సున్నాలున్నాయో లెక్కపెడుతూ తొందరలో చదివేవారి గతి ఏమిటో ఆలోచించండి. అమెరికాలో 2016 నుంచి ఒకే మందున్న ఇంజెక్షన్ల మీద ఈ నిష్పత్తి రాయడం మానిపించి, మి.లీ.కి మిల్లీగ్రాములే రాయిస్తున్నారు. లిగ్నోకెయిన్‌తో కలిపి వచ్చే వాటి మీద మాత్రం అది ఇంకా ఉంది.

వార్డు_విద్యార్థి
ఈరోజు ప్రాక్టికల్‌లో 2 శాతం వయల్ ఒకటి చేతిలోకి తీసుకుని చదివాను. మీరందరూ 20 అని తేల్చారు, నేనూ ఒప్పుకున్నాను. కానీ లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో 2 శాతం అని ఉండి, కింద చిన్న అక్షరాల్లో ప్రతి మి.లీ.లో లిగ్నోకెయిన్ హైడ్రోక్లోరైడ్ 21.3 మి.గ్రా. అని ఉంది. 63ను 20తో భాగిస్తే 3.15, 21.3తో భాగిస్తే 2.96. ఇప్పుడు ఏది పట్టుకోవాలి?

సున్నా_చేర్చు
అచ్చు తప్పు అయి ఉంటుంది.

రాత్రి_డ్యూటీ
మా వార్డులో ఉన్నదీ ఇప్పుడే చూశాను. 21.3 అనే ఉంది. ఇన్నాళ్లుగా చేతిలో పట్టుకుంటున్నాను, ఈ అంకె ఎప్పుడూ కంటపడలేదు. అచ్చు తప్పయితే రెండు చోట్ల ఒకేలా ఎలా వస్తుంది?

ఫార్మసీ_కిటికీ
అచ్చు తప్పు కాదు. లిగ్నోకెయిన్ హైడ్రోక్లోరైడ్ పొడి రూపంలో ఉన్నప్పుడు ఒక్కో అణువుతో పాటు ఒక నీటి అణువు అతుక్కుని ఉంటుంది. నీటితో కలిపిన అణుభారం 288.8, నీరు లేకుండా 270.8. తయారీదారు తూచి వేసేది నీరున్న పొడిని, 2 శాతం అని చెప్పేది నీరు లేని లెక్కన. 20ని 288.8తో గుణించి 270.8తో భాగించండి, 21.3 వస్తుంది. అంటే ఆ 21.3 మి.గ్రా. పొడిలో 1.3 మి.గ్రా. నీరే. మిగిలిన 20 మి.గ్రా. మీ 2 శాతం.

కాబట్టి శాతం నుంచి వచ్చిన 20కీ, లేబుల్ మీద 21.3కీ వైరుధ్యం లేదు, రెండూ ఒకే ద్రావణాన్ని రెండు రకాలుగా చెబుతున్నాయి. కొన్ని వయల్‌ల మీద నేరుగా 20 మి.గ్రా. అనే రాసి ఉంటుంది, అందులో ఉన్నదీ ఇంతే మందు.

లెక్కల_పిచ్చి
అయినా నేనైతే 21.3తోనే భాగిస్తాను. 2.96 మి.లీ. వస్తుంది, 3.15 కన్నా తక్కువ, పిల్లవాడికి సురక్షితమైన వైపే ఉంటాం.

మత్తుమందు_గది
నేను ఒప్పుకోను. నీటిని మందుగా లెక్కపెట్టి మోతాదు తగ్గించడం సురక్షితత్వం కాదు, గందరగోళం. ఈరోజు ఈ అలవాటు లిగ్నోకెయిన్‌లో తక్కువ వైపు లాగింది. రేపు మరో మందు లేబుల్ మీద లవణం బరువు ఒకటి, అసలు మందు బరువు ఒకటి ఉంటే, ఏదో ఒక అంకెను పట్టుకోవడం ఎక్కువ వైపు లాగవచ్చు. కాల్షియం గ్లూకోనేట్ చూడండి. 10 శాతం అంటే మి.లీ.కి 100 మి.గ్రా. గ్లూకోనేట్, అందులో కాల్షియం సుమారు 9 మి.గ్రా. మాత్రమే. మోతాదు దేనిలో రాశారో చూడకుండా భాగిస్తే ఇక్కడ తేడా ఆరు శాతం కాదు, పది రెట్లకు పైనే.

మోతాదు పరిమితి ఏ రూపం మీద నిర్ణయించారో ఆ రూపం బరువుతోనే భాగించాలి. లిగ్నోకెయిన్ ఇంజెక్షన్‌లో 4.5 మి.గ్రా. పరిమితిని నేను 2 శాతానికి 20 మి.గ్రా. లెక్కనే వాడతాను.

లెక్కల_పిచ్చి
కాల్షియం ఉదాహరణకు ఒప్పుకుంటాను. లిగ్నోకెయిన్‌లో మాత్రం ఎటూ కిందికి సర్దుతాం కదా, 2.96 అయినా 3.15 అయినా సిరంజిలో 3 కన్నా ఎక్కువ తీయం.

రాత్రి_డ్యూటీ
మీరిద్దరూ రెండో దశాంశం మీద పోట్లాడుతున్నారు. 5 మి.లీ. సిరంజి మీద గీతలు 0.2 మి.లీ.కి ఒకటి ఉంటాయి. 3.15ను దాని మీద చూపించండి, నేను డ్యూటీ మానేస్తాను. 3 గీత వరకు తీసి చార్టులో లిగ్నోకెయిన్ 60 మి.గ్రా., 2 శాతం, 3 మి.లీ. అని మూడూ రాస్తాం. మూడింటిలో ఒకటి తప్పైతే మిగతా రెండూ బయటపెడతాయి.

గొర్రెల_డాక్టరు
లిగ్నోకెయిన్ స్ప్రే మీద 10 శాతం అని ఒక చోట, ఒక్కో నొక్కుకు 10 మి.గ్రా. అని మరో చోట ఉంటుంది. పదికి పది చూసి శాతమే మిల్లీగ్రాములు అనుకున్నవారిని చూశాను. మీ 2 మి.గ్రా. మిత్రులకు అది చూపించకండి, వాళ్ల నమ్మకం గట్టిపడిపోతుంది.

ఫార్మసీ_కిటికీ
మంచి ఉదాహరణ. 10 శాతం అంటే మి.లీ.కి 100 మి.గ్రా., ఒక్కో నొక్కుకు బయటికి వచ్చేది 0.1 మి.లీ., అందుకని 10 మి.గ్రా. ఆ రెండు పదులు కలిసింది కేవలం పంపు పరిమాణం వల్ల. మన 14 కిలోల పిల్లవాడి లెక్కన ఆరు నొక్కులు అంటే 60 మి.గ్రా., గొంతులో స్ప్రే చేసినవారు దాన్ని లెక్కలోకే తీసుకోరు.

వార్డు_విద్యార్థి
31.5 వచ్చిన ఇద్దరికీ ఈ చర్చ చూపించాను. ఒకరు వయల్‌లో ఉన్నదే 30 మి.లీ. అన్న దగ్గర ఆగి తలపట్టుకున్నారు. మరొకరికి ఇంకో ప్రశ్న వచ్చింది. వాళ్ల పుస్తకంలో అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్‌కు కిలోకు 3 మి.గ్రా. అని ఉందట. అప్పుడు 42 మి.గ్రా., 2.1 మి.లీ. మాత్రమే. ఏది నిజం?

మత్తుమందు_గది
రెండూ వాడుకలో ఉన్నాయి. కొన్ని చోట్ల 3, కొన్ని చోట్ల 4.5, అడ్రినలిన్ కలిపితే 7 వరకు. ఈ పరిమితులు ఏ ఒక్క పిల్లవాడి శరీరాన్నీ కొలిచి పెట్టినవి కావు. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే ఇందులో సగం కూడా ఎక్కువే అవుతుంది, అందుకే సూది గుచ్చాక ముందు వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తాం. పెద్దవాళ్లు నాలుక మొద్దుబారిందని, చెవుల్లో హోరుమంటోందని చెబుతారు, చిన్న పిల్లవాడు చెప్పలేడు. మీ సంస్థ ఏది రాసిపెట్టిందో దాన్నే వాడండి.

రాత్రి_డ్యూటీ
ఇంకొకటి అడుగుతాను, విసుక్కోకండి. కొందరు సర్జన్లు లిగ్నోకెయిన్‌తో పాటు 0.25 శాతం బుపివకెయిన్ కూడా ఎక్కిస్తారు. దేని పరిమితి దానిదేనా?

మత్తుమందు_గది
కాదు. రెండింటి విషప్రభావం కలుస్తుందని అనుకునే నడవాలి. 0.25 శాతం అంటే మి.లీ.కి 2.5 మి.గ్రా. బుపివకెయిన్‌కు కిలోకు 2 మి.గ్రా. చొప్పున ఈ పిల్లవాడికి 28 మి.గ్రా., అంటే 11.2 మి.లీ. లిగ్నోకెయిన్ ఇప్పటికే 1.5 మి.లీ., అంటే 30 మి.గ్రా. వాడేశారనుకోండి. అది దాని పరిమితిలో దాదాపు సగం. కాబట్టి బుపివకెయిన్‌కూ సగమే మిగిలింది, 14 మి.గ్రా., 5.6 మి.లీ.

లెక్కల_పిచ్చి
సగం ప్లస్ సగం ఒకటి అన్నది అందమైన కూడిక. రెండు మందులు శరీరంలో అంత సూటిగా కూడుతాయని ఎవరు చెప్పారు? ఒకటి త్వరగా పనిచేస్తుంది, రెండోది నిదానంగా, రక్తంలో వాటి గరిష్ఠ స్థాయిలు ఒకే సమయానికి రావు కదా.

మత్తుమందు_గది
రాకపోవచ్చు. వస్తాయనుకుని లెక్క వేస్తే పోయేదేమీ లేదు, రావనుకుని వేస్తే పోయేది ఉంది. మీరు ఇంకా నమ్మదగిన లెక్క చూపిస్తే వింటాను.

లెక్కల_పిచ్చి
నా దగ్గర లేదు. కూడిక మీద అనుమానం మాత్రం పోలేదు.